గురువారాలకి ముందే థ్యాంక్స్

ఆ వసంతకాలమంతా నాకు నీళ్ళలోంచి చూసినట్టే గుర్తుంది. నా కుడి మోకాలు అరిగిపోయిందని ఆపరేషన్ చేసి, కొత్త కీలు పెట్టారు. నొప్పికి ఇచ్చిన మాత్ర వేసుకున్న కాసేపటికి గోడలు మెత్తబడేవి. ఫ్యాను తిరుగుతోందో, గదే తిరుగుతోందో తెలిసేది కాదు. పరాయి దేశంలో, ఫ్రిస్కో అనే ఊళ్ళో మా అమ్మాయి వాళ్ళింట్లో పడకగదులన్నీ మేడమీదే. నేను మెట్లెక్కలేనని కింద ఆఫీసు గదిలో నాకు మంచం వేశారు. ఆ గది కిటికీలోంచి చూస్తే ఎదురిల్లు, దాని వెనకాల బోలెడంత ఆకాశం. పొద్దున పూట గడ్డిలోంచి నీళ్ళ గొట్టాలు లేచి చిమ్ముతుంటే, ఆ తుంపరలో ఎదురింటావిడ అటూ ఇటూ నడుస్తూ కనిపించేది. తెల్లజుట్టు, పొడుగు మనిషి, మగవాళ్ళ చొక్కా. ఆ చొక్కా పోయిన మొగుడిదని తర్వాత తెలిసింది.

మోకాలి ఆపరేషన్ అయ్యాక అసలు పని అప్పుడే మొదలవుతుందట. మోకాలికి కసరత్తు చేయించే థెరపీ దగ్గర ఒక పిల్ల ఉండేది. పిల్లంటే పిల్లే, మా మనవరాలి కంటే కొంచెం పెద్దదేమో. నన్ను బల్ల మీద పడుకోబెట్టి, మడమని తన అరచేత్తో పట్టుకుని, మోకాలు మెల్లిగా వంచేది. తర్వాత రెండు ప్లాస్టిక్ బద్దలు కలిపి చేసిన కొలబద్ద ఒకటి మోకాలి పక్కన పెట్టి ఎంత వంగిందో చూసేది. మా అమ్మాయికి మొదటి రోజే చెప్పింది.

"ఈ మొదటి వారాలే ముఖ్యం. ఇప్పుడు వంగకపోతే లోపల గట్టిపడిపోతుంది. అప్పుడు మళ్ళీ మత్తిచ్చి బలవంతాన వంచాల్సి రావచ్చు. ఇంట్లో చేసే ఎక్సర్‌సైజులు చేయించండి. ఇక్కడికి రావడం మాత్రం మానకండి."

మళ్ళీ మత్తు అని అమ్మాయి తెలుగులో చెప్పగానే బల్ల అంచు పట్టుకున్నాను. మొదటిసారి మత్తులోంచి లేచినప్పుడు నేనెవరో నాకు గుర్తు రావడానికి చాలాసేపు పట్టింది. ఇంకోసారి ఆ బావిలోకి దిగడం నా వల్ల కాదని మనసులో గట్టిగా అనుకున్నాను.

థెరపీ మంగళవారం, గురువారం. మా అమ్మాయికి అప్పుడే కొత్త ప్రాజెక్టు వచ్చింది. వారంలో సగం రోజులు వేరే ఊళ్ళో ఉండేది. అల్లుడికేమో సరిగ్గా ఆ రెండు రోజులూ ఆఫీసుకి వెళ్ళి తీరాలి. నాకు డ్రైవింగ్ రాదు. వచ్చినా కుడికాలు అలా పెట్టుకుని ఏం నడుపుతాను. ఆ ఊళ్ళో కారు లేకపోతే పాల ప్యాకెట్టు కూడా దొరకదు.

అలాంటప్పుడు ఎదురింటావిడ వచ్చింది. చేతిలో అరటిపండు కేకు, రేకు కాగితంలో చుట్టి. గుమ్మంలో నిలబడి మా అమ్మాయితో అంది, "మా ఆయనకీ ఇదే ఆపరేషన్ అయింది. మీ అమ్మగారిని ఎప్పుడైనా తీసుకెళ్ళాలంటే చెప్పండి."

చెప్పాం. ఆ వారం తీసుకెళ్ళింది, పై వారమూ తీసుకెళ్ళింది.

ఆ ప్రయాణాలు నాకు ఇప్పటికీ కలలో వస్తుంటాయి. మొదటి రోజు నేను వాకర్ పట్టుకుని మెల్లిగా కారు దాకా వెళ్ళేసరికి, ముందు సీటు బాగా వెనక్కి జరిపి ఉంది. సీటు మీద ఒక నల్లటి చెత్త సంచి పరిచి ఉంది, కొత్తదే. ఎందుకా అని చూస్తున్నాను. ఆవిడ తన వీపు సీటు వైపు తిప్పి, ముందు కూర్చుని, తర్వాత రెండు కాళ్ళూ కలిపి లోపలికి తిప్పి చూపించింది. సంచి నున్నగా ఉంటుంది కదా, మోకాలు మెలిపడకుండా ఒళ్ళు దానంతటదే జారి తిరిగింది. నేను కుదురుకున్నాక సంచి మెల్లిగా లాగేసి, మడిచి, తలుపు అరలో పెట్టుకుంది, దిగేటప్పటికి మళ్ళీ కావాలని. అంతకుముందు రోజు అల్లుడి కార్లో ఎక్కేటప్పుడు నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. ఇక్కడ రాలేదు.

తర్వాత రేడియో ఆపేసింది. నా ఇంగ్లీషు యెస్, నో, వెరీ గుడ్ దాకానే. ఆవిడకి తెలుగు ఆ మాత్రం కూడా రాదు. కాబట్టి మాటల బాధ లేదు. రోడ్డు పక్కన గడ్డి నిండా నీలం పూలు. మబ్బుల నీడలు ఆ పూల మీంచి నడుచుకుంటూ వెళ్ళేవి. మందు మత్తులో నేనూ వాటి వెనకాలే వెళ్ళేదాన్ని. ఇళ్ళ మధ్యలో వాన నీళ్ళు నిలవడానికి తవ్విన చెరువులాంటిది ఒకటుంది. అక్కడికి రాగానే ఆవిడ కారు నెమ్మదిగా పోనిచ్చి, వేలు ఎత్తి చూపించేది. తెల్లకొంగలు, ఒంటికాలి మీద. ఒకసారి నేను నా ఆపరేషన్ కాలు చూపించి, కొంగని చూపించి, మళ్ళీ నన్ను చూపించుకున్నాను. ఆవిడ స్టీరింగ్ మీద చెయ్యి కొట్టుకుని నవ్వింది. అప్పట్నుంచీ కొంగలు కనిపించగానే ఇద్దరికీ నవ్వొచ్చేది.

ఒక సాయంత్రం భోజనాల దగ్గర మా అల్లుడు చాలా హుషారుగా ఉన్నాడు. మంచివాడు, ఏ పనైనా ఒక పద్ధతిలో పెట్టేస్తే గానీ నిద్రపోడు.

"అత్తయ్యగారూ, మీ రైడ్స్ సంగతి సెటిల్ అయిపోయింది. మే నెలాఖరు దాకా ఇంక బెంగ లేదు."

"ఎలా బాబూ?"

"ఎదురింటావిడకి టెక్స్ట్ పెట్టేశాను. మీ అపాయింట్‌మెంట్లన్నీ వరసగా."

ఫోను తీసి చదివి, తెలుగులో చెప్పాడు. మా అత్తగారి థెరపీ ప్రతి మంగళవారం, గురువారం, పొద్దున పదిన్నరకి. పావుగంట ముందు చేరితే మంచిది. వాకర్ వెనక సీట్లో పడుతుంది. తేదీలన్నీ కింద ఇచ్చాను. థ్యాంక్స్ ఇన్ అడ్వాన్స్.

"ఆఖర్న ఏమన్నారు?"

"ముందుగానే థ్యాంక్స్ చెప్పాను అత్తయ్యగారూ. మర్యాద కదా. ఆఫీసులో ప్రతి మెయిల్లో రాస్తాం."

నాకు అందులో తప్పేమీ కనిపించలేదు. ఊరికే చేయించుకోకుండా మర్యాదగానే అడిగాడనుకున్నాను. మజ్జిగ పోసుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం జవాబు వచ్చింది. మీ అత్తగారు త్వరగా కోలుకోవాలని కోరుకుంటున్నాను, నాకు వీలుపడదు, వేరే ఏర్పాటు చేసుకోండి. అంతే. కిందా పైనా ఇంకేమీ లేదు.

"ఆవిడే కదా ఇంటికొచ్చి మరీ అడిగింది," అన్నాడు అల్లుడు, ఫోను అటూ ఇటూ తిప్పి చూస్తూ.

మా అమ్మాయి తను వెళ్ళిన ఊరి నుంచి ఫోన్లోనే కసిరింది. "ఎప్పుడైనా కావాలంటే చెప్పమంది. ఉద్యోగానికి వస్తానందా? డ్యూటీ చార్ట్ పంపావు నువ్వు."

"డ్యూటీ చార్ట్ కాదు, క్లియర్‌గా ఉంటుందని. థ్యాంక్స్ కూడా చెప్పాగా."

"అదే కదా గొడవ."

"థ్యాంక్స్ చెప్తే గొడవేంటి తల్లీ, కొత్తగా?"

వాళ్ళిద్దరూ అలా ఫోన్లో వాదించుకుంటూ ఉంటే నేను కిటికీలోంచి ఎదురింటి వైపు చూశాను. తుంపరలో ఆవిడ లేదు. నీళ్ళ గొట్టాలు వాటంతట అవే చిమ్ముకుంటున్నాయి.

ఆ గురువారం థెరపీ తప్పిపోయింది. పై మంగళవారం అల్లుడు ఏదో మీటింగు మధ్యలోంచి పరిగెత్తుకొచ్చి దింపాడు కానీ, ట్రాఫిక్‌లో ఆలస్యమై, సగం సేపే జరిగింది. గురువారం అద్దె కారు పిలిచారు. అది ఎత్తుగా, లారీలా ఉంది. ఎక్కేటప్పుడు మోకాలు మెలిపడి, రెండు రోజులు వాచిపోయింది. థెరపీ పిల్ల ప్లాస్టిక్ బద్దలు పెట్టి చూసి, పోయినసారి ఎంతో ఇప్పుడూ అంతే అంది. నవ్వుతూనే అంది కానీ, కళ్ళు నవ్వలేదు. డాక్టర్‌తో మాట్లాడదాం అంది. ఆ మాటకి నాకు బావి కనిపించింది.

అల్లుడికి దిగులు పట్టుకుంది. తన వల్లే అయిందని బయటికి అనడు. ఒక రాత్రంతా ఆలోచించి, ఆవిడకి మొదట్లో చేసినదానికి మనం సరిగ్గా థ్యాంక్స్ చెప్పలేదేమో, అందుకే కోపం వచ్చిందేమో అన్నాడు. అక్కడి దాకా బాగానే ఉంది. రెండ్రోజుల్లో ఎదురింటి గుమ్మం ముందు ఒక బుట్ట దిగింది. బుట్ట అంటే, పెళ్ళిలో మగపెళ్ళివారికి పెట్టే సారెంత. పళ్ళు, చాక్లెట్లు, బిస్కెట్ డబ్బాలు, తేనె, మధ్యలో పట్టు కండువా, పైన ఇంత రిబ్బను. కార్డు మీద, మా కుటుంబానికి మీరు చేసిన సమస్తానికీ జన్మజన్మల కృతజ్ఞతలు అని అర్థం వచ్చేలా ఏదో ముద్రించి ఉంది.

నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. ఆవిడ తలుపు తీసింది. బుట్ట వైపు చూసింది. చుట్టుపక్కల చూసింది, వేరేవాళ్ళది పొరపాటున దింపారేమో అన్నట్టు. వంగి కార్డు చదివి, నడుం మీద చెయ్యి వేసుకుని అలా నిలబడిపోయింది. సాయం చేసినందుకు ఎవరైనా అంత ఇబ్బందిగా నిలబడటం నేనెప్పుడూ చూడలేదు.

ఆ సాయంత్రమే దాన్ని మోసుకుని వచ్చింది. అల్లుడు తలుపు తీశాడు.

"ఇది నేను ఒక్కదాన్నీ తినలేను. మీ పిల్లలకి పెట్టండి. ఒక పియర్ పండు మాత్రం తీసుకున్నాను. మీ అత్తగారిని నాలుగుసార్లు కార్లో ఎక్కించుకున్నదానికి అది సరిపోతుంది."

నవ్వుతూనే అంది. కోపం లేదు. కానీ లోపలికి రమ్మంటే రాలేదు. అల్లుడు ఆ బుట్ట పట్టుకుని హాల్లో నిలబడి, "తక్కువైతే ఒక గొడవ, ఎక్కువైతే ఒక గొడవ," అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు తేనె సీసా జారి సోఫా కిందికి దొర్లింది. ఎవరమూ నవ్వలేదు గానీ నవ్వు వచ్చింది.

ఆ రోజు మాత్ర వేసుకుని పడుకుంటే, మా అమ్మ కళ్ళ ముందుకి వచ్చింది. కలో జ్ఞాపకమో చెప్పలేను. మా చిన్నప్పటి ఇంటి పెరటి గోడ మీద గిన్నె పెట్టి, గోడ అవతలి వదినగారితో మాట్లాడుతోంది. మాకు థ్యాంక్స్ అనే మాటే లేదు అప్పట్లో. ఎవరైనా అంటే నాటకంలో వేషం కట్టినట్టుండేది. కానీ మా అమ్మ అనేది ఒకటుంది. గోడ అవతల నుంచి పులుసు వచ్చిందనుకోండి. మర్నాడు గిన్నె ఇస్తూ, "వదినా, నిన్నటి పులుసులో ముల్లంగి చక్రాల్లా కోశావు చూడూ, మా పిల్ల అవి ఏరుకుని తింది. ఎప్పుడూ ముల్లంగి ముట్టదు," అనేది. అంతే. ఆ పిల్లని నేనే. ఆ వదినగారి మొహం ఎలా వెలిగేదో. పులుసుకి బదులుగా ముల్లంగి ముక్కంత మాట. చీర పెట్టేది కాదు, కాళ్ళకి దణ్ణం పెట్టేది కాదు. అమ్మ గిన్నెలో కూడా ఒక నిమ్మకాయో, గుప్పెడు మునగాకో వేసేది. మరీ ఎక్కువ వేస్తే వాళ్ళు మళ్ళీ ఇవ్వాలని కంగారు పడతారు అనేది.

అదే వీధిలో ఇంకొకావిడ ఉండేది. వాళ్ళింట్లో పెళ్ళి అనుకోగానే మా గుమ్మంలోకి వచ్చేది. "అరిసెల పాకానికి నువ్వే అని మావాళ్ళందరికీ చెప్పేశాను. పుణ్యం కట్టుకుంటావు తల్లీ, నీ మేలు మరిచిపోను," అని కళ్ళొత్తుకుని వెళ్ళిపోయేది. అప్పటికి అమ్మ ఇంకా నోరు తెరవనే లేదు. పనిచేసే చేతులు అమ్మవి, కాబట్టి వెళ్ళేది కూడా. పాకం కుదిరేది. కానీ ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటూ మా నాన్నతో అనేది, "వస్తావా అని అడిగితే పరిగెత్తుకుని వెళ్ళేదాన్ని. మెచ్చుకోవడం కూడా ముందే అయిపోయింది. ఇంక నేను వెళ్ళినా నా మంచితనం కాదు, వెళ్ళకపోతే మాత్రం నా తప్పు."

నేను మంచం మీద లేచి కూర్చున్నాను. మా అల్లుడు పాపం ఇంగ్లీషులో పుణ్యం కట్టుకోమన్నాడు.

శుక్రవారం మా అమ్మాయి ఇంటికొచ్చింది. సూట్‌కేసు ఇంకా తెరవకుండానే నా మంచం పక్కన కూర్చోబెట్టుకున్నాను.

"నేను చెప్తాను. నువ్వు ఇంగ్లీషులో రాయి. చిన్న కార్డు చాలు."

"నేను రాసేస్తాలే అమ్మా, నువ్వెందుకు కష్టపడటం."

"కారెక్కింది నువ్వా నేనా?"

అది నవ్వుకుంటూనే ఏదో గబగబా రాసింది. చదివి తెలుగులో చెప్పమన్నాను. మీ అపారమైన దయకు మేము శాశ్వతంగా ఋణపడి ఉంటాము, మీరు మా కుటుంబానికి దేవతలాంటివారు.

"బాగుంది. ఎవరి గురించి ఇది?"

"ఆవిడ గురించే."

"చెత్త సంచి ఏదీ?"

"అమ్మా, థ్యాంక్యూ కార్డులో చెత్త సంచి గురించి ఎవరైనా రాస్తారా?"

"ఇదే కార్డు డాక్టర్‌కి ఇవ్వచ్చు, మీ బాస్‌కి ఇవ్వచ్చు, పక్కింటి పూజారిగారికీ ఇవ్వచ్చు. ఆవిడ చేసింది దీన్లో లేదు. దేవత అంటే ఆవిడేం చేస్తుంది, ఎటు చూస్తుంది? బుట్టే మళ్ళీ కాగితం మీద పెట్టావు."

అది ఆ కార్డు చింపి, కొత్తది తీసింది. నేను కళ్ళు మూసుకుని, కారు ఎక్కిన దగ్గర్నుంచీ గుర్తు తెచ్చుకుంటూ చెప్పాను. అది రాసింది. రాశాక నాకు తెలుగులో మళ్ళీ చదివి వినిపించింది. ఇదీ అందులో ఉన్నది:

'మొన్న నాలుగుసార్లు నన్ను థెరపీకి తీసుకెళ్ళారు. మీరు సీటు మీద సంచి పరిచినందువల్ల నా మోకాలు మెలిపడలేదు. అది లేకుండా ఎక్కినప్పుడు తేడా తెలిసింది. ఇప్పుడు మావాళ్ళ కార్లో కూడా అలాగే వేసుకుంటున్నాను. రేడియో ఆపేశారు. ఆ మాత్రలతో నాకు చప్పుడు పడదని మీరెలా కనిపెట్టారో తెలీదు. కొంగల దగ్గర నెమ్మదిగా పోనిచ్చారు. ఆపరేషన్ అయ్యాక నేను మొదటిసారి నవ్వింది అక్కడే. థ్యాంక్యూ.'

అల్లుడు తలుపు దగ్గర నిలబడి అంతా విన్నాడు.

"చాలా బాగుంది అత్తయ్యగారూ. చివర్న ఒక్క లైను. మళ్ళీ మీతో రావాలని ఎదురుచూస్తున్నాను అని."

"వద్దు బాబూ."

"ప్రేమగానే కదా?"

"ప్రేమగానే. కానీ అది రాస్తే పైనున్నదంతా దానికోసమే రాసినట్టుంటుంది. అయిపోయినదానికి చెప్తున్నాం. అయిపోయిన చోటే ఆగాలి."

"మరి మీ మోకాలు?"

మోకాలు వంగకపోతే ఏమవుతుందో అందరికంటే నాకే బాగా తెలుసు. అయినా ఆ లైను రాయించలేదు. మంగళవారం సెలవు పెడతానని అల్లుడు అన్నాడు. మా అమ్మాయి అతని భుజం మీద తట్టి, "చూశావా, పూర్తిగా చెడిపోలేదు మనిషి," అంది.

కార్డు మా అమ్మాయి తీసుకెళ్ళి గుమ్మంలో ఇచ్చి వచ్చేసింది. బుట్ట లేదు, స్వీట్లు లేవు. కుండీలోంచి నాలుగు పుదీనా రెమ్మలు తుంచి కవరు మీద పెట్టమన్నాను. అంతే.

శనివారం ఏమీ జరగలేదు. ఆదివారమూ ఏమీ జరగలేదు. నేను మంచం మీద తువ్వాలు మడమకి తగిలించి లాక్కుంటూ, కిటికీలోంచి ఆకాశం చూస్తూ ఉన్నాను. గాలి దుమారం ఒకటి వచ్చి, ఎదురింటి చెట్టు పూలన్నీ మా వాకిట్లోకి తెచ్చి పోసింది. అవి అలా దొర్లుకుంటూ రోడ్డు దాటి వస్తుంటే, ఏదో కబురు మోసుకొస్తున్నట్టే అనిపించింది. మాత్ర మహిమ.

సోమవారం సాయంత్రం నేను వాకర్ పట్టుకుని వాకిట్లో నడుస్తున్నాను. మా అమ్మాయి పక్కనే ఉంది. ఆవిడ నీళ్ళ పైపు కింద పెట్టి రోడ్డు దాటి వచ్చింది.

"పుదీనా టీలో వేసుకున్నాను," అంది. నాకర్థమయ్యేలా నెమ్మదిగా అంది.

"వెరీ గుడ్," అన్నాను.

తర్వాత మా అమ్మాయితో మాట్లాడింది. అది నాకు అక్కడికక్కడే తెలుగులో చెప్పింది.

"మీ ఆయన తప్పు చేశాడని కాదు. కానీ ఆ మెసేజ్ చదివాక నాకు ఊపిరాడలేదు. గురువారాలు మా అక్క దగ్గరికి వెళ్తాను, మీ అమ్మగారి కోసం రెండుసార్లు మానుకున్నాను. అక్క ముసలివాళ్ళని చూసుకునే హోమ్‌లో ఉంటుంది. నన్ను చాలాసార్లు గుర్తుపట్టదు. అయినా వెళ్తాను. మీవాళ్ళు నా గురువారాలకి కూడా థ్యాంక్స్ చెప్పేశారు. అప్పటికి ఎవరూ నన్ను అడగనే లేదు. కాదంటే ఇచ్చిన థ్యాంక్స్ వెనక్కి లాక్కున్నట్టుంటుంది. అవునంటే అక్కని వదలాలి. మొత్తం కాదంటే తేలిక అనిపించింది."

"మీరు చెప్పి ఉండాల్సింది ఆంటీ," అంది మా అమ్మాయి.

"చెప్పాలి. మంగళవారాలు నాకు ఖాళీ అని కూడా చెప్పి ఉండాల్సింది. నాకూ కొంచెం ఉడుకుమోత్తనం ఉందిలే. ఆ బుట్టతో మరీ సిగ్గేసింది. అంతదానికి నేనేం చేశానని? కాదన్న మనిషికి అంత పెద్ద బుట్ట ఇస్తే, ఇంక అవుననక చస్తుందా అని పెట్టినట్టుంది."

లోపల్నుంచి అల్లుడు దగ్గాడు. వింటున్నాడని అందరికీ తెలిసింది.

ఆవిడ నా వైపు తిరిగింది. నా మోకాలు చూసింది.

"చెత్త సంచి గుర్తుపెట్టుకున్నందుకు సంతోషం. మా ఆయన కోసం కనిపెట్టాను అది. ఆయనెప్పుడూ ఆ సంగతి ఎత్తలేదు."

మా అమ్మాయి ఆ మాట నాకు చెప్పి, ఇంకేదో అడగబోయి, ఆగి నా మొహం చూసింది. నేనే మాట్లాడాను. ఉన్న ఇంగ్లీషంతా కూడగట్టుకుని, లేని మాటలు మా అమ్మాయి అందిస్తుంటే, ఒక్కో మాటా పేర్చుకుంటూ అన్నాను. రేపు మంగళవారం. మీకు వీలైతే. వీలు కాకపోతే అల్లుడు సెలవు పెట్టాడు, ఇబ్బంది లేదు. మీరేమంటారు?

"రేపు వస్తాను," అంది. "పై మంగళవారం సంగతి పై సోమవారం అడగండి."

ఆ మాట విన్నాక అల్లుడు బయటికి వచ్చాడు. ఏదో అనబోయి, నోరు మూసుకుని, మళ్ళీ తెరిచి, "గురువారాలు నేను చూసుకుంటాను," అన్నాడు. చూసుకున్నాడు కూడా. ఆఫీసులో ఆ రోజు మార్పించుకున్నాడు. అడిగితే ఇచ్చారట. ముందు ఎందుకు అడగలేదని మా అమ్మాయి ఇప్పటికీ దెప్పుతుంది. ఇప్పుడు మెసేజ్ పెట్టే ముందు ఫోను మా అమ్మాయి వైపు తిప్పి చూపిస్తాడు. అది చూసి, "ఆఖరి ముక్క తీసెయ్యి, ప్రశ్నతో ఆపు," అంటుంది.

ఆ మంగళవారం పొద్దున్నే ఆకాశం పాలపొంగులా ఉంది. నేను వాకర్‌తో మెల్లిగా కారు దాకా నడిచాను. సీటు వెనక్కి జరిపి ఉంది. నల్ల సంచి పరిచి ఉంది. ఆవిడ తలుపు పట్టుకుని నిలబడింది. నా గొంతులోకి థ్యాంక్యూ వచ్చేసింది. నోటి దాకా వచ్చి ఆగింది. ఇంకా ఎక్కనే లేదు కదా.

వీపు తిప్పి, ముందు కూర్చుని, కాళ్ళు కలిపి లోపలికి తిప్పాను. సంచి నున్నగా జారింది. ఆవిడ రేడియో ఆపేసింది. నీలం పూలు అప్పటికి వడిలిపోయి, గడ్డి పచ్చగా పొడుగ్గా లేచి, గాలికి ఒకవైపే ఒరుగుతోంది. చెరువు దగ్గర కారు నెమ్మదించింది. కొంగ ఒక్కటే ఉంది. రెండు కాళ్ళ మీదా నిలబడి ఉంది. ఆవిడ దాన్ని చూపించి, నన్ను చూపించి, కనుబొమలు ఎగరేసింది.

థెరపీ పిల్ల ఆ రోజు ప్లాస్టిక్ బద్దలు పెట్టి, కొంచెం జరిగింది అంది. కొంచెమే. తర్వాత వారాల్లో ఇంకొంచెం, ఇంకొంచెం. మళ్ళీ మత్తు మాట ఎవరూ ఎత్తలేదు.

తిరిగి వచ్చి మా వాకిట్లో దిగాక, వాకర్ మీద రెండు చేతులూ పెట్టుకుని, ఆవిడ వైపు చూశాను. అప్పటిదాకా దాచుకున్నది అప్పుడు చెప్పాను.

"కొంగ, టూ లెగ్స్," అన్నాను. "థ్యాంక్యూ."